నాన్న చేతి పట్టు 19 కిలోలే వచ్చింది. గ్రిప్పర్ కొనిస్తే సరిపోతుందా?

శ్రీధర్_హన్మకొండ
అందరికీ నమస్కారం. మాది హన్మకొండ, నేను ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను. పోయిన ఆదివారం మా కాలనీలో హెల్త్ క్యాంపు పెట్టారు. షుగర్, బీపీ చూశాక నాన్న చేతిలో ఒక మీటరు పెట్టి గట్టిగా నొక్కమన్నారట. 19 కిలోలు చూపించింది. కాగితం మీద "పట్టు బలం చాలా తక్కువ, గుండెకు రిస్క్" అని రాసిచ్చి పంపేశారు. అప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్.

నాన్నకు 64 ఏళ్లు, బరువు 58 కిలోలు. షుగర్ వచ్చి 12 ఏళ్లు, మాత్రల మీదే ఉన్నారు. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తారు. ఏ పనీ చేయలేకపోవడం లాంటిది నాకైతే కనిపించలేదు. చేతి పట్టుకీ గుండెకీ సంబంధం ఏంటి? ఆన్‌లైన్‌లో స్ప్రింగ్ గ్రిప్పర్లు మూడు నాలుగు వందలకే దొరుకుతున్నాయి. ఒకటి కొని పంపితే చాలా?

కిరణ్_ఫిట్
బ్రో, వెంటనే కొనిచ్చెయ్. రోజుకి వంద సార్లు నొక్కమను, టీవీ చూస్తూ కూడా చేయొచ్చు. నా క్లయింట్ ఒకాయనకి రెండు నెలల్లో గ్రిప్ బాగా పెరిగింది. గ్రిప్ పెరిగితే ఆయుష్షు పెరుగుతుందని పెద్ద స్టడీనే ఉంది.

మూర్తి_రిటైర్డ్
కిరణ్ గారూ, మీరు చెప్పే స్టడీ 2015లో లాన్సెట్‌లో వచ్చిన ప్యూర్ స్టడీ అయ్యుండాలి. 17 దేశాల్లో 35 నుంచి 70 ఏళ్ల మధ్య వయసువాళ్లు దాదాపు లక్షా నలభై వేల మందికి చేతి పట్టు కొలిచి, సుమారు నాలుగేళ్ల పాటు గమనించారు. మన దేశం వాళ్లూ అందులో ఉన్నారు. పట్టు 5 కిలోలు తక్కువ ఉన్నవాళ్లలో మరణాలు 16 శాతం ఎక్కువగా కనిపించాయి. ఎవరు ముందు పోతారో అంచనా వేయడానికి పై బీపీ అంకె కన్నా ఇదే బాగా పనికొచ్చింది. అంతవరకు నిజం.

కానీ అందులో ఎవరి చేతికీ గ్రిప్పర్ ఇవ్వలేదు. కొలిచారు, ఆగి చూశారు, అంతే. పట్టు పెంచితే ఆయుష్షు పెరుగుతుందని ఆ స్టడీ చెప్పలేదు. థర్మామీటర్‌ను చల్లనీళ్లలో ముంచితే జ్వరం తగ్గదు కదా.

శ్రీధర్, అమ్మగారికి ఇంకొక మాట చెప్పండి. 16 శాతం ఎక్కువ అంటే వందలో 16 మంది అదనంగా పోతారని కాదు. వందలో ఇద్దరు పోయే చోట అది రెండుకు కాస్త పైన అవుతుంది. క్యాంపుల్లో ఈ తేడా ఎవరూ చెప్పరు, భయపెట్టి పంపేస్తారు.

కిరణ్_ఫిట్
సార్, ఎలా చూసినా బలంగా ఉన్నవాళ్లే ఎక్కువ కాలం బతుకుతున్నారు కదా. బలం పెంచుకోమంటే తప్పేంటి?

ఫిజియో_లలిత
బలం పెంచుకోవడంలో తప్పేమీ లేదు. ఏ బలం అన్నదే ప్రశ్న. నేను విజయవాడలో పనిచేస్తాను, మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. మేం చేతి పట్టు చూసేది చేతి కోసం కాదు. తొడలు, నడుము, వీపు, భుజాలు ఏ స్థితిలో ఉన్నాయో ఒక్క నిమిషంలో అంచనా వేయడానికి అది సులువైన దారి. ఒంట్లో కండ తగ్గితే ముంజేతిలోనూ తగ్గుతుంది. సరిగా తినకపోయినా, ఏదైనా జబ్బు లోపల్లోపల సాగుతున్నా ఆ అంకె పడిపోతుంది. గుండెకు సంబంధం ఆ దారిలోనే, చేతి నుంచి గుండెకు నేరుగా తీగ ఏమీ లేదు.

అసలు ముందు ఆ 19 నమ్మదగిందో కాదో చూద్దాం. శ్రీధర్ గారూ, నాన్నగారిని ఇవి అడగండి: నిలబెట్టి నొక్కించారా, కూర్చోబెట్టా? ఎన్నిసార్లు నొక్కించారు? అంతకు ముందే ఆ చేతి నుంచి రక్తం తీశారా? మీటరు పిడి ఆయన చేతికి సరిపోయిందా?

సుబ్బలక్ష్మి_గుంటూరు
నాకూ ఇదే సమస్య అండీ. పచ్చడి సీసా మూత తిప్పలేకపోతున్నాను. చపాతీలు ఒత్తుతుంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. రాత్రి మంటతో మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. వయసు 51, థైరాయిడ్ ఉంది. మా అబ్బాయి రబ్బరు బంతి తెచ్చిచ్చాడు, రోజూ నొక్కుతున్నాను. నొక్కిన రోజు ఇంకా ఎక్కువవుతోంది. ఎన్నిసార్లు నొక్కాలో చెప్పగలరా?

ఫిజియో_లలిత
సుబ్బలక్ష్మి గారూ, ముందు ఆ బంతి పక్కన పెట్టేయండి. మీది బలం తక్కువైన సమస్యలా లేదు. మణికట్టు దగ్గర ఒక నరం నొక్కుకుపోతే సరిగ్గా ఆ మూడు వేళ్లకే తిమ్మిరి వస్తుంది, రాత్రిపూట ఎక్కువవుతుంది, విదిలిస్తే తగ్గుతుంది. దాన్ని కార్పల్ టన్నెల్ అంటారు. థైరాయిడ్ ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ చూస్తాం. మళ్లీ మళ్లీ గట్టిగా నొక్కడం ఆ నరానికి మంచిది కాదు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కి గానీ న్యూరాలజిస్ట్‌కి గానీ చూపించండి, నరాల పరీక్ష రాస్తారు. ఈలోపు రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ వేసుకుంటే చాలామందికి కాస్త హాయిగా ఉంటుంది. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండ రెండో చేతితో పోలిస్తే పల్చబడినట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

సుబ్బలక్ష్మి_గుంటూరు
అమ్మో, ఇప్పుడే అద్దం ముందు రెండు చేతులూ పెట్టి చూసుకున్నాను. కొంచెం తేడా ఉన్నట్టే ఉంది. సోమవారం వెళ్తాను. థాంక్స్ అమ్మా.

శ్రీధర్_హన్మకొండ
లలిత గారూ, నాన్నను అడిగాను. పరగడుపున వెళ్లారట. కుడిచేతి నుంచి రక్తం తీసి, దూది అక్కడే ఉండగానే అదే చేత్తో నొక్కమన్నారు. నిలబడే నొక్కారు, ఒక్కసారే. పిడి చాలా వెడల్పుగా ఉండి వేళ్ల కొసలే అందాయట. తన ముందు ఒక పొడగరి కుర్రాడు నొక్కాడు, సెట్టింగ్ ఎవరూ మార్చలేదని చెప్పారు.

ఫిజియో_లలిత
అయితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మళ్లీ కొలిపించండి. దగ్గర్లో ఏ ఫిజియో క్లినిక్‌లో అయినా మీటరు ఉంటుంది. చేతులున్న కుర్చీలో కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి, మోచెయ్యి పక్కకు ఆనించి లంబకోణంలో వంచాలి, బొటనవేలు పైకి ఉండాలి. మామూలుగా వాడే జమార్ మీటరు పిడికి ఐదు సెట్టింగులుంటాయి, ఎక్కువమందికి రెండోది సరిపోతుంది. వేళ్ల మధ్య కీళ్లు పిడిని చుట్టుకోవాలి. ఒక్కో చేత్తో మూడేసి సార్లు, మధ్యలో నిమిషం ఆగి. మొత్తం మీద ఎక్కువ వచ్చిన అంకె తీసుకుంటాం. "నొక్కండి, ఇంకా, ఇంకా" అని పక్కన గట్టిగా అనేవాళ్లు కూడా ఉండాలి, దానికే అంకె మారుతుంది.

అక్కడే ఇంకో రెండు చూడమనండి. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంత సేపు పడుతుందో, పిక్క చుట్టుకొలత ఎంతో. నాకు చేతి అంకె కన్నా ఈ రెండే ఎక్కువ చెబుతాయి.

రవి_డల్లాస్
నేను ఇక్కడ రాక్ క్లైంబింగ్‌కి వెళ్తుంటాను. గ్రిప్‌కి బార్ పట్టుకుని వేలాడటాన్ని మించింది లేదు. మొదట 10 సెకన్లు, తర్వాత నిమిషం దాకా. అంకుల్‌తో మెల్లగా మొదలుపెట్టించండి.

ఫిజియో_లలిత
రవి గారూ, మీ వయసుకు మంచిదే. షుగర్ పాతబడ్డవాళ్లలో భుజం బిగుసుకుపోవడం చాలా మామూలు. చెయ్యి పూర్తిగా పైకి లేవని భుజం మీద 58 కిలోలు వేలాడదీస్తే నెలల తరబడి బాధ. ముందు గోడకు వీపు ఆనించి రెండు చేతులూ చెవుల పక్కకు వస్తున్నాయో లేదో చూడాలి. వచ్చినా సరే, ఈ వయసులో వేలాడటంతో నేను మొదలుపెట్టను.

శ్రీధర్_హన్మకొండ
మొన్న ఇంటికి వచ్చాను, నేనే తీసుకెళ్లాను. కుడిచెయ్యి 21, 23, 23. ఎడమ 20, 21, 21. కుర్చీ పరీక్షకి 17 సెకన్లు పట్టింది. పిక్క 32 సెంటీమీటర్లు. మరి 23 ఫర్వాలేదా?

ఫిజియో_లలిత
19 కన్నా నయం గానీ తక్కువే. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న గీత ప్రకారం మగవాళ్లకి 28, ఆడవాళ్లకి 18 కిలోలు. యూరప్ వాళ్ల గీత 27, 16. కుర్చీ పరీక్ష ఆసియా లెక్కలో 12 సెకన్లు దాటితే తక్కువ కింద లెక్క, యూరప్ లెక్కలో 15 దాటితే. పిక్క 34 కన్నా తక్కువ ఉంటే కండ తగ్గిందేమోనని అనుమానిస్తాం. మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. రోజూ వాకింగ్ చేస్తున్నా కండ పోతుందా అని చాలామంది అడుగుతారు. పోతుంది. సమతలం మీద నడవడం షుగర్‌కీ గుండెకీ మంచిదే గానీ తొడ కండను నిలబెట్టేంత బరువు దాని మీద పడదు.

మూర్తి_రిటైర్డ్
ఆ ఆసియా గీత మనకెంతవరకు వర్తిస్తుందో నాకు అనుమానమే. అది పెట్టినవాళ్లు ఎక్కువగా జపాన్, కొరియా, చైనా, తైవాన్ వైపు వాళ్లు. అదే ప్యూర్ బృందం ప్రాంతాలవారీగా చూస్తే దక్షిణాసియా వాళ్ల పట్టు మిగతావాళ్ల కన్నా తక్కువే ఉంది. 28 గీత పెడితే మన ఊళ్లో 64 ఏళ్ల మగవాళ్లలో చాలామంది కిందే ఉంటారు.

ఫిజియో_లలిత
సార్, మీ మాట కాదనను. కానీ అందరికీ తక్కువగా ఉందంటే అది మామూలని సరిపెట్టుకోవాలా, అందరం బలహీనంగా ఉన్నామని అనుకోవాలా? నేను రెండోదే అనుకుంటాను.

మూర్తి_రిటైర్డ్
అది మీ వృత్తి మాట. గీత ఎక్కడ గీయాలో మన లెక్కలే చెప్పాలి. దీని మీద నా అభిప్రాయం మారదు, అయితే శ్రీధర్ వాళ్ల నాన్నగారి విషయంలో కుర్చీ పరీక్ష కూడా అదే చెబుతోంది కాబట్టి ఇక్కడ వాదించను.

శ్రీధర్_హన్మకొండ
ఇప్పుడేం చేయాలి మరి? ఒక విషయం మర్చిపోయాను. రెండేళ్లలో నాన్న 6 కిలోలు తగ్గారు. షుగర్ కంట్రోల్ కోసం రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు, కూర తింటున్నారు. పొద్దున మూడు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, కొంచెం మజ్జిగ. ఆదివారం చికెన్. బరువు తగ్గారని అందరం సంతోషించాం.

ఫిజియో_లలిత
అసలు కథ అక్కడుంది. తగ్గిన ఆరు కిలోల్లో కొవ్వు ఒక్కటే లేదు. వ్యాయామం లేకుండా తిండి తగ్గిస్తే కండ కూడా కరుగుతుంది. అయినా అనుకోకుండా ఇంత బరువు తగ్గినప్పుడు వేరే కారణం ఏదైనా ఉందేమోనని డాక్టర్‌తో ఒకసారి చూపించుకోవాలి. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, అది కూడా చూడమనండి.

తిండి లెక్క చూద్దాం. ఈ వయసులో కిలో బరువుకు కనీసం ఒక గ్రాము ప్రోటీన్ కావాలంటారు, అంటే ఆయనకు 58 గ్రాములు. ఇంకాస్త ఎక్కువైనా మంచిదే. ఆయన తినేదాంట్లో మామూలు రోజు 35 దాటుతుందని నాకనిపించడం లేదు. పప్పుచారులో పప్పు ఎంత ఉంటుందో మనందరికీ తెలుసు. పొద్దున ఇడ్లీతో రెండు గుడ్లు పెడితే 12 గ్రాములు, మధ్యాహ్నం పప్పుచారుకు బదులు గట్టి పప్పు ఒక కప్పు, పెద్ద కప్పు పెరుగు, రాత్రి చపాతీతో శనగలో పెసలో, పడుకునే ముందు గ్లాసు పాలు. ఇంతటితో 58 దగ్గరికి వచ్చేస్తారు. పౌడర్లు అక్కర్లేదు. అయితే షుగర్ 12 ఏళ్లది కాబట్టి కిడ్నీ పరీక్షలు చూడకుండా ప్రోటీన్ పెంచకండి. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ రెండూ చూసి డాక్టరే చెప్పాలి.

కిరణ్_ఫిట్
మేడమ్, తిండి సరే. ఎక్సర్‌సైజ్‌లో గ్రిప్పర్ వద్దంటారా? నేను ఇప్పటికీ అదే బెస్ట్ అంటాను, ఖర్చు తక్కువ.

ఫిజియో_లలిత
వద్దనను, చివర్లో పెడతాను. స్ప్రింగ్ గ్రిప్పర్ అరచెయ్యి మూసే కదలికకే పనిచేస్తుంది. రోజుకి వంద అంటే అది బలం కాదు, ఓపిక. వందసార్లు నొక్కగలిగే స్ప్రింగ్ అంటే అది తేలికైపోయినట్టే. పైగా మోచేతి బయటి వైపు నొప్పి తెచ్చుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను, గట్టిగా పిడికిలి పట్టిన ప్రతిసారీ మణికట్టును నిలబెట్టే కండరాలు అక్కడే అతుక్కుని ఉంటాయి.

శ్రీధర్ గారూ, నాన్నగారికి నేనైతే ఇలా మొదలుపెడతాను. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. ముందు కుర్చీలోంచి లేవడం, ఎనిమిది సార్లు, కాస్త ఆగి మళ్లీ ఎనిమిది. మోకాళ్లు ఓర్చుకుంటే మూడో విడత. కూర్చునేటప్పుడు కుర్చీలో పడిపోకుండా మెల్లగా దిగాలి, బలం అక్కడే వస్తుంది.

తర్వాత బరువులు మోయడం. ఇంట్లో మూత ఉన్న రెండు చిన్న నీళ్ల క్యాన్లు తీసుకోండి. ఒక్కోదాంట్లో మూడు లీటర్లు పోస్తే మూడు కిలోలు, కొలతకు వేరే మీటరు అక్కర్లేదు. రెండు చేతుల్లో పట్టుకుని, భుజాలు వంగకుండా, వరండాలో అటూ ఇటూ అర నిమిషం నడవాలి. దించి, నిమిషం ఆగి, మళ్లీ. అలా నాలుగుసార్లు. ముప్పై సెకన్లు సునాయాసంగా అయిపోతుంటే అర లీటరు పెంచండి. పట్టు జారుతోందంటే బరువు సరిపోయినట్టు, ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతోందంటే ఎక్కువైనట్టు. చేతి పట్టుకు దీన్ని మించిన పని నాకు తెలియదు, ఎందుకంటే కాళ్లూ నడుమూ కూడా అదే సమయంలో పనిచేస్తాయి. నున్నటి నేల మీద తడి లేకుండా చూసుకోండి.

చివర్లో తడి టవల్ పిండటం. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు తిప్పి, చుక్క నీరు రానంత వరకు. ఇది మణికట్టును తిప్పే కండరాలకు. ఏది చేసినా ఊపిరి బిగబట్టకూడదు, పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే బిగబట్టడం కుదరదు.

రవి_డల్లాస్
ఇది ఫార్మర్స్ క్యారీ కదా! జిమ్‌లో మేం కెటిల్‌బెల్స్‌తో చేస్తాం.

వెంకట్_నెల్లూరు
మా నాయన ఎనభై ఏళ్లకు కూడా గునపం పట్టి కొబ్బరికాయలు ఒలిచేవాడు. ఏ మీటరూ తెలీదు ఆయనకి. ఈ కాలం పిల్లలకి ఫోన్ పట్టుకునే బలమే ఉంది. ఇంతకీ ఈ పిడికిలి వ్యాయామంతో బీపీ తగ్గుతుందంట కదా, నిజమేనా? నాకు బీపీ ఉంది.

ఫిజియో_లలిత
వెంకట్ గారూ, అది వేరే విషయం గానీ నిజం ఉంది. గట్టిగా నొక్కడం కాదు, మీ పూర్తి బలంలో దాదాపు మూడో వంతుతో రెండు నిమిషాలు కదలకుండా పట్టి ఉంచడం. నిమిషం రెండు నిమిషాలు ఆగి మళ్లీ, మొత్తం నాలుగు సార్లు, వారానికి మూడు రోజులు. రెండు నెలలకి పై బీపీ కొన్ని పాయింట్లు తగ్గినట్టు పరీక్షల్లో కనిపించింది. కదలకుండా చేసే వ్యాయామాల్లో గోడకు ఆని కూర్చున్నట్టు నిలబడటం ఇంకా బాగా పనిచేసిందని తర్వాత వచ్చిన విశ్లేషణలు చెబుతున్నాయి. మూడో వంతు ఎంతో తెలియాలంటే అంకె చూపించే మీటరు కావాలి. మాత్రలు మానేయడానికి ఇది కారణం కాదు.

మూర్తి_రిటైర్డ్
ఒక ప్రశ్న. మూడు నెలలు ఇదంతా చేశాక మళ్లీ కొలిచి 24 వస్తే, అంత కష్టానికి ఒక్క కిలోనే పెరిగిందని ఆయన నిరాశపడరా?

ఫిజియో_లలిత
మంచి ప్రశ్న సార్. అందుకే నేను చేతి అంకెను ప్రోగ్రెస్ చూడటానికి వాడను. ఒకటి రెండు కిలోల తేడా నిద్ర సరిగా లేకపోయినా వస్తుంది. నిజంగా మార్పు వచ్చిందనాలంటే ఐదు కిలోల పైన ఉండాలి. పెద్దవాళ్లలో బరువులతో వ్యాయామం చేయిస్తే కాళ్ల బలం బాగా పెరిగినా చేతి పట్టు పెద్దగా కదలకపోవడం మామూలే. ఎవరికి ప్రమాదం ఉందో పట్టుకోవడానికి ఆ అంకె మంచిది, మెరుగయ్యారా లేదా అన్నదానికి అంత మంచిది కాదు. నాన్నగారికి కుర్చీ పరీక్ష 17 నుంచి 13కి వస్తే, క్యాన్లలో నీళ్లు మూడు లీటర్ల నుంచి ఐదుకి వెళ్తే, పిడికిలి 24 దగ్గరే ఆగినా నేను సంతోషిస్తాను.

కిరణ్_ఫిట్
నా క్లయింట్‌కి మాత్రం గ్రిప్పర్‌తోనే పెరిగింది.

మూర్తి_రిటైర్డ్
గ్రిప్పర్ నొక్కి గ్రిప్ మీటరులో పరీక్ష రాస్తే మార్కులు రాక ఏం చేస్తాయి కిరణ్ గారూ. కుర్చీ పరీక్ష పెట్టి చూడండి.

కిరణ్_ఫిట్
పెడతాను సార్, పెట్టి ఇక్కడే రాస్తాను.

సుబ్బలక్ష్మి_గుంటూరు
నరాల పరీక్ష అయింది, కుడిచెయ్యికి ఓ మోస్తరుగా ఉందన్నారు. పట్టీ ఇచ్చారు. థైరాయిడ్ డోసు కూడా మార్చారు. తగ్గకపోతే చిన్న ఆపరేషన్ అంటున్నారు. చేయించుకోవాలా వద్దా, ఎవరైనా చేయించుకున్నవాళ్లుంటే చెప్పండి.

శ్రీధర్_హన్మకొండ
డాక్టర్‌ను కలిశాం. కిడ్నీ రిపోర్టులు బాగున్నాయి, గుడ్లు పెంచవచ్చన్నారు. బీ12 తక్కువ ఉంది, మాత్రలు రాశారు. బరువు తగ్గడం గురించి మరికొన్ని పరీక్షలు రాశారు, ఇంకా రాలేదు. నాన్న కుర్చీ వ్యాయామం మొదలుపెట్టారు, క్యాన్లు కూడా కొన్నాం. ఒక అనుమానం. మూడేళ్ల క్రితం షుగర్ వల్ల కళ్లకు లేజర్ చేశారు. బరువులు మోయవచ్చా?

ఫిజియో_లలిత
ఇది ముందే చెప్పాల్సింది శ్రీధర్ గారూ. క్యాన్లు, టవల్ రెండూ ఇప్పటికి ఆపండి. కంటి లోపల వెనక పొర మీద షుగర్ వల్ల పుట్టిన కొత్త రక్తనాళాలు ఇంకా ఉంటే బిగబట్టి బరువు ఎత్తినప్పుడు అవి చిట్లే ప్రమాదం ఉంటుంది. రెటీనా డాక్టర్‌తో కళ్లు చూపించి, "బరువులు ఎత్తవచ్చా, ఎంత వరకు" అని నేరుగా అడగండి. అడగకపోతే వాళ్లూ చెప్పరు. కుర్చీలోంచి లేవడం, తిండి మాత్రం ఈరోజు నుంచే సాగనివ్వండి.